నైరుతి మూల నుంచి యాభై రెండు అడుగులు

మాస్టారు ముందు గదిలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి, వాటికి ఎదురుగా ఒక్క చెక్క కుర్చీ వేసేవారు. ఆ చెక్క కుర్చీకి ఒక కాలు పొట్టి. కూర్చున్నవాళ్లు కాస్త కదిలితే చాలు, టకటకమని చాడీ చెబుతుంది. ఇంటర్వ్యూ బోర్డు ముందు ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోవడం దీని మీదే నేర్చుకోవాలని ఆయన అనేవారు. బాగు చేయించడానికి బద్ధకమని లోపల్నుంచి ఆయన భార్య అనేది.

మాస్టారంటే బడిపంతులు కాదు. ముప్పై రెండేళ్లు వ్యవసాయాధికారిగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన కింద నేను కాంట్రాక్టు ఫీల్డ్ అసిస్టెంటుగా చేశాను. ఆయన వెళ్లిపోయారు, నేను అలాగే కాంట్రాక్టులో ఉండిపోయాను. పదకొండేళ్లలో నాలుగుసార్లు ఆఫీసరు పోస్టుకి పరీక్ష రాస్తే ఈసారే రాతపరీక్ష గట్టెక్కింది. ఇక ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. నాకు ముప్పై తొమ్మిది. వచ్చే నోటిఫికేషన్ పడేసరికి నా వయసు దాటిపోతుంది. కాబట్టి ఇదే మొదటి ఇంటర్వ్యూ, ఇదే ఆఖరుది.

నాతో పాటు ఇంకొకడు వచ్చేవాడు. పాతికేళ్ల కుర్రాడు, రాతపరీక్షలో మా అందరికన్నా ఎక్కువ మార్కులు. మాస్టారు వాణ్ణి టాపర్ అనే పిలిచేవారు. మంచివాడే. బురద మాత్రం బొమ్మల్లో చూశాడు.

"వరి నాటి మూడు వారాలైంది. ఆకుల మీద తుప్పురంగు మచ్చలు, దుబ్బులు గిడసబారాయి. ఏంటది?" అని అడిగేవారు మాస్టారు.

"జింకు లోపం సర్. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి."

"హెక్టారుకి నూట ఇరవై కిలోల నత్రజని కావాలి. యూరియా రూపంలో ఎంత?"

"రెండు వందల అరవై ఒక్క కిలోలు సర్. యూరియాలో నలభై ఆరు శాతం ఉంటుంది కాబట్టి."

"మీరు చెప్పమ్మా," అని నా వైపు తిరిగేవారు. "ఆ యూరియాలో మూడో వంతు పైపాటుగా వేస్తానని రైతు బస్తా నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఏమంటారు?"

"బస్తా గట్టు మీద పెట్టి ముందు కలుపు తీయించమంటానండీ. పొలంలో నీళ్లు తీసెయ్యమంటా. లేకపోతే సగం గడ్డి తింటుంది, సగం కాలువ తాగుతుంది."

"చూశావురా టాపరూ, ఇది ఏ పుస్తకంలో ఉంది?" అనేవారు మాస్టారు. టాపర్ వెంటనే నోట్సులో రాసుకునేవాడు. మంచి మాట ఎవరి నోట వచ్చినా వాడి నోట్సులోకి పోవాల్సిందే.

అవి అయ్యాక సందర్భ ప్రశ్నలు. ఊళ్లో పలుకుబడి ఉన్న పెద్దమనిషి బావమరిది కొట్లో అమ్మిన విత్తనం మొలవలేదు, యాభై మంది రైతులు నీ ఆఫీసు ముందు కూర్చున్నారు, ఏం చేస్తావు? టాపర్ ఐదు నిమిషాలు చట్టం చెప్పాడు. నేను, ముందు ఆ రైతుల పొలాలకి వెళ్లి మొలక లెక్కపెడతానన్నాను. తర్వాత కొట్లో మిగిలిన అదే లాటు లోంచి, కొట్టువాడి ఎదుటే నమూనా తీసి, మూడు భాగాలు చేసి సీలు వేస్తాను. ఒకటి వాడికి, ఒకటి ల్యాబుకి, ఒకటి నా దగ్గర. రిపోర్టు వచ్చేదాకా ఆ లాటు అమ్మొద్దని రాతపూర్వకంగా ఇస్తాను.

"బావమరిది ఫోను చేయిస్తాడు," అన్నారు మాస్టారు.

"ఫోనులో చెప్పింది కాగితం మీద పంపమంటానండీ."

ఆయన పకపకా నవ్వారు. "ఉద్యోగం వచ్చాక ఇలా అనకండి. బోర్డులో మాత్రం తప్పకుండా అనండి."

ఆ నవ్వులోనే తర్వాతి ప్రశ్న వేశారు. "పంట కోత ప్రయోగానికి వెళ్లారు. నంబరు ప్రకారం మీ గడి, పడిపోయి కుళ్లుతున్న పంటలో పడింది. పక్కనే మంచి పంట ఉంది. రైతు గడి జరపమని బతిమాలుతున్నాడు. ఏం చేస్తారు?"

కుర్చీ టకటకమంది.

పొలం తెలియని వాళ్ల కోసం సంగతి చెప్పాలి. ఊరి దిగుబడి ఎంతో తేల్చడానికి ఆ ఊళ్లో నాలుగు పొలాలు ఎంచుతారు. ఆ పొలంలో సరిగ్గా ఎక్కడ కోయాలో మనిషి నిర్ణయించకూడదు, నంబర్ల పట్టిక నిర్ణయిస్తుంది. నైరుతి మూలలో నిలబడి, పట్టిక చెప్పినన్ని అడుగులు పొడుగు వారన నడిచి, అక్కణ్ణుంచి చెప్పినన్ని అడుగులు పొలంలోకి నడిచి, మేకు పాతాలి. అక్కడ ఐదు మీటర్ల పొడవూ ఐదు మీటర్ల వెడల్పూ ఉన్న గడి కట్టి, అందులో పంట కోసి, నూర్చి, ఎండబెట్టి తూచాలి. ఆ తూకాన్ని నాలుగు వందలతో గుణిస్తే హెక్టారు దిగుబడి. నాలుగు గడుల సగటే ఊరి దిగుబడి. అది బీమావాళ్లు ముందుగా గీసిన హామీ దిగుబడి గీత కన్నా తగ్గితే, బీమా చేసిన ప్రతి రైతుకీ పరిహారం. గీత మీద కిలో మిగిలినా ఒక్కడికీ లేదు. అందుకే పంట పడిపోయిందనో, పురుగు తిన్నదనో గడి జరపకూడదు. పాడైన పంట కూడా పంటే. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఆరేళ్ల కిందట కోతల ముందు వారం రోజులు వాన పట్టింది. మా సొంత ఊళ్లో మూడు గడులు కోశాను. తొమ్మిది కిలోల తొమ్మిది వందలు, పది కిలోల వంద, పది కిలోల నాలుగు వందల గ్రాములు. నాలుగో నంబరు మా బాబాయి పొలం మీద పడింది. నాన్న పోయాక నన్ను చదివించిన బాబాయి.

నైరుతి మూల నుంచి యాభై రెండు, లోపలికి ఇరవై ఏడు. లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఆగితే పిక్కల దాకా దిగబడ్డాను. మురుగు కాలువ పొంగి ఆ మూల వరంతా చాప పరిచినట్టు పడి ఉంది. వెన్నులు నీళ్లలో నాని మొలకలొచ్చాయి. ఆ మూల తప్ప పొలమంతా బంగారం.

గట్టు మీద నుంచి బాబాయి కేక వేశాడు. "ఏయ్ పిల్లా, అక్కడ మేకు కొడతావేంటే?"

"నంబరు ఇక్కడే పడింది బాబాయ్."

"పడితే పడనీ. ఓ పన్నెండు అడుగులు వెనక్కి రా, ఏమైంది ఇప్పుడు?"

"రాకూడదు. రూలు."

"ఏం రూలే! ఊళ్లో మంచి చేను చూడాలంటే నా చేను చూపిస్తారు. నువ్వేమో కాగితం మీద నా పేరుకి ఎదురుగా పన్నెండొందల కిలోలు రాస్తావు. సొంత అన్న కూతురు రాసిందట అని రేపు పంచాయతీ అరుగు మీద నవ్వరూ? పొలం మొత్తం చూసి రాయవే, ముక్కు మీద మచ్చ చూసి మొహం ఇదీ అని రాస్తారా ఎవరైనా?"

బీమా కోసం తక్కువ రాయమని కాళ్లావేళ్లా పడే రైతుల్ని ఎంతమందినో చూశాను. ఎక్కువ రాయమని అడిగింది మా బాబాయి ఒక్కడే. అప్పుడు నాకు తోచిందల్లా ఆ మొహం. ఒక్క గడే కదా, సగటులో కలిసిపోతుందనుకున్నాను. పన్నెండు అడుగులు వెనక్కి నడిచాను. ఫారం మీద మాత్రం యాభై రెండు, ఇరవై ఏడు అనే రాశాను. అప్పట్లో ఫోనులో ఫొటో తీసి పంపమని అడిగేవారు కాదు. ఆఫీసరు దగ్గరుండి కోయించాలి గానీ ఆరోజు మాస్టారికి మీటింగు. మర్నాడు టేబుల్ దగ్గర టీ తాగుతూ సంతకం పెట్టారు.

పదకొండు కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగింది.

నాలుగిటి సగటు నాలుగు వేల రెండు వందల ముప్పై. గీత నాలుగు వేల రెండు వందలు. నా గడిలో మూడు వందల గ్రాములు, దాని మీద ఓ పిడికెడు తగ్గి ఉంటే చాలు. అసలు చోట కోసి ఉంటే మూడు కిలోలు కూడా రావు. నూట నలభై మంది రైతులకి పరిహారం పోయింది. ఎదురింటి మామయ్య పొలం కౌలుకిచ్చి ఇటుకబట్టీకి వెళ్లిపోయాడు. ఇద్దరు ఎడ్లు అమ్ముకున్నారు. ఊరంతా నంబర్ల పట్టికని తిట్టింది. అందరికన్నా గట్టిగా తిట్టింది మా బాబాయి. ఆ సగటు ఎలా వచ్చిందో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

ఇదంతా ఆరోజు పొట్టికాలు కుర్చీలో కూర్చుని మొదటిసారి బయటికి చెప్పాను. మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. టాపర్ రాయడం ఆపి వింటున్నాడు.

"ఎందుకమ్మా ఏడుపు మొహం? మీ దగ్గర ఉన్నది మామూలు అనుభవం కాదు," అన్నారు చివరికి. "సొంత బాబాయి, సొంత ఊరు, సొంత పంట. ఏ బోర్డైనా కుర్చీలో ముందుకి జరిగి వింటుంది. ఒక్కచోట కొంచెం తిప్పండి. ఆయన జరపమన్నాడు, మీరు జరపలేదు. ఊరికి న్యాయం జరిగింది. అంతే."

"జరిపానండీ నేను."

"బోర్డుకి తెలుసా?"

"ఫారం మీద మీ సంతకం కూడా ఉంది కదండీ."

"అందుకే కదా తిప్పమంటున్నా," అన్నారు మాస్టారు. టాపర్ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గులేకుండా.

పది రోజులు ఆ అబద్ధాన్ని చదువుకున్నాను. వంటింట్లో గిన్నెలు తోముతూ, బస్సులో, ఆఫీసులో మట్టి నమూనాల సంచుల మీద చీటీలు అంటిస్తూ. "సర్, రైతు నా సొంత బాబాయి అయినప్పటికీ..." మా ఆయన విని, "ఆ 'అయినప్పటికీ' తీసెయ్. అబద్ధం ఎప్పుడూ అలాంటి మాటలతోనే నడుస్తుంది," అన్నాడు. తీసేశాను. తీసేస్తే ఇంకా నిజంలా ఉంది.

ఇంటర్వ్యూకి ముందు ఆదివారం బాబాయి వచ్చాడు. నేను ప్రాక్టీసు చేస్తున్నానని తెలిసి, కండువా సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"నేనే బోర్డు. అడుగుతా చెప్పు. సుడిదోమ పడితే ఏం చేస్తావ్?"

"నీళ్లు తీసి చేను ఆరబెట్టమంటాను సర్. దుబ్బుల మొదళ్ల దగ్గర దోమలు లెక్కపెట్టాకే మందు మాట. నాటేటప్పుడే రెండు మీటర్లకొక కాలిబాట వదలమంటాను."

"ఆఁ, కాలిబాటలు! ఎన్నేళ్లుగా చెబుతున్నావ్, నేను వదిలానా?" ఆయనే నవ్వుకున్నాడు. "సరే, ఇది చెప్పు. మీ ఊళ్లో మేలురకం రైతు ఎవరు?"

"మా బాబాయి సర్."

"పాస్," అన్నాడు. "ఆ వానల ఏడాది కూడా నాలుగు వేల ఏడు వందల చిల్లర తీశాను. కాగితం మీదుంది, కావాలంటే చూసుకోండి అను."

నేను మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాను.

ఇంటర్వ్యూ రోజు అభ్యర్థుల్ని మూడు బోర్డులకి పంచారు. నాకు రెండో గది. మధ్యలో చైర్మన్, తెల్లజుట్టు పెద్దాయన. ఎడమవైపు శాఖ నుంచి వచ్చిన అధికారి, కుడివైపు విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక ఆవిడ, సబ్జెక్టు నిపుణురాలు. కుర్చీ కాళ్లు నాలుగూ సమానంగానే ఉన్నాయి. అయినా నేను కదలకుండా కూర్చున్నాను.

మట్టి నమూనా ఎలా తీస్తారని శాఖ అధికారి అడిగాడు. పైన చెత్త తోసి, వీ ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు నుంచి పైనుంచి కిందికి ఒక పొర చెక్కి, అలా పొలంలో పది పదిహేను చోట్ల తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలని చెప్పాను. ఎక్కడ తీయకూడదని అడిగాడు. గట్ల పక్కన, చెట్టు నీడలో, ఎరువు కుప్ప పోసిన చోట తీయకూడదన్నాను. ఆయన తలాడించాడు. ఆవిడ వరి విత్తనం మొలక శాతం అడిగింది, చెప్పాను. ఒక్కో జవాబుకీ గది కొంచెం వెచ్చబడుతున్నట్టు అనిపించింది.

అప్పుడు చైర్మన్, "పదకొండేళ్లు ఫీల్డులో ఉన్నారు. మీ వాళ్ల వైపు నుంచే ఒత్తిడి వచ్చిన సందర్భం ఏదైనా చెప్పండి," అన్నారు.

నా కోసమే వండి వడ్డించినట్టు వచ్చింది ప్రశ్న. చెప్పాను. వాన, మురుగు కాలువ, యాభై రెండు అడుగులు, మొలకలొచ్చిన వెన్నులు, గట్టు మీద బాబాయి. ముక్కు మీద మచ్చ మాట చెబితే చైర్మన్ నవ్వారు. "నేను మేకు అక్కడే పాతాను సర్. పాడైన పంట కూడా పంటేనని బాబాయికి చెప్పాను. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు." మాస్టారు చెప్పినట్టే ముగ్గురూ ముందుకి జరిగారు.

"చాలా బాగుంది," అంది నిపుణురాలు. నిజంగానే మెచ్చుకుంటూ, మాట కలపడానికన్నట్టు అడిగింది. "ఆ గడిలో ఎంత తూగిందమ్మా?"

"పదకొండు కిలోల తొమ్మిది వందల గ్రాములు మేడమ్."

నా నోరు నన్ను అడగలేదు. ఆరేళ్లుగా రోజూ లోపల తూగుతున్న అంకె అది. పది రోజుల ప్రాక్టీసులో మాస్టారు అన్నీ మార్పించారు, తూకం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆవిడ పెన్ను ఒక్క క్షణం ఆగింది. కాగితం మీద గుణించాల్సిన పని కూడా లేదు ఆవిడకి. "నాలుగు వేల ఏడు వందల అరవై. పడిపోయి, నీళ్లలో మొలకెత్తిన వరిలోనా?"

పొరపాటున వేరే గడి అంకె చెప్పానని అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అంకె ముందే వచ్చేసింది, ఇక దాని వెనక నిలబడడం తప్ప వేరే దారి కనిపించలేదు. "లేదు మేడమ్. నేను జరిపాను. పన్నెండు అడుగులు," అన్నాను. మిగతాది కూడా చెప్పాను. సగటు, గీత, ముప్పై కిలోలు, నూట నలభై మంది. మాస్టారి సంతకం ఒక్కటే చెప్పలేదు.

ఎవరూ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"తూకం అడక్కపోతే ఈ సంగతి చెప్పేవారా?" అని అడిగారు చైర్మన్, మెల్లగా.

"చెప్పేదాన్ని కాదు సర్."

"నిజం చెప్పినందుకు సంతోషం. వెళ్లి రండమ్మా," అన్నారు. నిపుణురాలు నా వైపు చూడలేదు. నా కాగితం మీద ఏదో చిన్న అంకె వేసి, కాగితం తిరగేసింది.

ఆ సాయంత్రమే మాస్టారు, బోర్డు ఏం అడిగిందో పూసగుచ్చినట్టు చెప్పమన్నారు. ఇంటర్వ్యూ అయిన ప్రతివాళ్లనీ అలాగే అడుగుతారు, తర్వాతి వాళ్లకి పనికొస్తుందని. చెప్పాను. టాపర్ ఇంటర్వ్యూ ఎల్లుండి, వాడూ పక్కనే ఉన్నాడు. మాస్టారు నుదురు కొట్టుకున్నారు. "తూకం! ఛ, ఛ! ముప్పై రెండేళ్ల సర్వీసు, నాకెలా తట్టలేదు!" ఆయన బాధంతా దానికే.

మర్నాడు బాబాయి ఇంటికి వెళ్లాను. ముక్కూమొహం తెలియని ముగ్గురికి చెప్పిన మాట ఆయనకి చెప్పకపోవడం న్యాయం కాదనిపించింది. వాకిట్లో పార పిడి బిగిస్తూ ఉన్నాడు. మొత్తం చెప్పాను, లెక్కతో సహా. పిడి బిగించడం ఆపలేదు. చెప్పడం అయ్యాక కూడా కాసేపు కొడుతూనే ఉన్నాడు.

"అంటే, నా పొలం వల్లేనా?"

"నా వల్ల బాబాయ్. నేను జరపకుండా ఉండాల్సింది."

"ఎదురింటివాడికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." పార గోడకి ఆనించి కొంచెం ఆలోచించాడు. ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. "ఆ మూల కోసి ఉంటే మాత్రం నిజంగా పన్నెండొందలు రాసేదానివా, నా పేరు మీద?" అన్నాడు.

నా జవాబు కోసం ఆగకుండా ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బోర్డుకి చెప్పిన అబద్ధంలో ఆ ఒక్క ముక్క అలా నిజమైంది.

నెల తిరక్కుండా ఫలితాలొచ్చాయి. ఇంటర్వ్యూలో నాకు ముప్పైకి తొమ్మిది. మొత్తం మీద రెండు మార్కులు తక్కువై జాబితా కింద పడ్డాను. టాపర్‌కి ముప్పైకి ఇరవై ఏడు.

మాకు ఆఫీసరుగా వాణ్ణే వేశారు. చేరిన రోజు నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. అది వాడి మంచితనం. ఆఫీసులో మిగతావాళ్లు టీకి వెళ్లాక నా టేబుల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, నీకు ఒకటి చెప్పాలి. నన్ను నిలబెట్టింది నీ కథే. ఒత్తిడి వచ్చిన సందర్భం చెప్పమని మా బోర్డు కూడా అడిగింది. కాలేజీ వాళ్లు ఆఖరి ఏడాది మమ్మల్ని పని నేర్చుకోమని ఊళ్లో పెడతారు కదా, అప్పుడు జరిగిందని చెప్పేశాను."

"బాబాయి కూడానా?"

"బాబాయి ఉంటేనే కదక్కా దానికి బరువు. నాకు అసలు బాబాయే లేడు."

"తూకం అడిగారా?"

"అడిగారు. రెండు కిలోల తొమ్మిది వందలు అన్నాను. మాస్టారు ముందురోజే లెక్క కట్టించారు. హెక్టారుకి పదకొండు వందల అరవై. ఊరికి పరిహారం వచ్చిందా అంటే, వచ్చింది సర్, ఇరవై శాతం దాకా వచ్చింది అన్నాను. చైర్మన్ గారు ఎంత సంతోషించారో! ఎంతమంది రైతులకి అని కూడా అడిగారు."

"ఎంతమందన్నావు?"

"నూట ఎనభై."

"మా ఊళ్లో ఉన్నది నూట నలభై మందేరా."

"అది వాళ్లకేం తెలుస్తుందక్కా," అన్నాడు ఆఫీసరు.